[14] అని రాసి ఉంది సరే, ఆ పేపర్లో ఆ మాట ఉందా?

హనుమకొండలో ఫార్మసీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌లు దిద్దడం నా పనిలో ఒక భాగం. స్పెల్లింగ్, ఫార్మాట్ తప్పులు ఎవరైనా పట్టుకుంటారు. నాకు టెన్షన్ పెట్టేది ఇంకో రకం తప్పు. వాక్యం చక్కగా ఉంటుంది, చివర రెఫరెన్స్ నంబర్ ఉంటుంది, ఆ పేపర్ కూడా నిజంగానే ఉంటుంది. కానీ వాక్యం చెప్పే మాట మాత్రం ఆ పేపర్లో ఉండదు. ప్లేజియరిజం చెక్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే వాక్యం సొంతదే. వైవాలో ఆ పేపర్ చదివినవాళ్లు ఎదురుగా కూర్చున్న రోజే బయటపడుతుంది, అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు.

మొన్న పసుపు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో, మెట్‌పల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎం.ఫార్మసీ చదువుతున్న ఒక అమ్మాయి డ్రాఫ్ట్ పట్టుకొచ్చింది. వాళ్లింట్లో పసుపు పండిస్తారు, అందుకే ప్రాజెక్టు కూడా పసుపు మీదే పెట్టుకుంది. ఇంట్రడక్షన్ రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర నా పెన్సిల్ ఆగింది. ఆమె ఇంగ్లిష్‌లో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇది:

> పాలలో పసుపుతో పాటు మిరియాల పొడి కలిపి తాగితే ఒంటికి పట్టే కర్కుమిన్ 20 రెట్లు పెరుగుతుంది, దీనివల్ల కీళ్ల నొప్పులు తగ్గుతాయి [14].

రెఫరెన్స్ లిస్టులో 14వది 1998లో ప్లాంటా మెడికా అనే జర్నల్‌లో వచ్చిన పేపర్. శోభ, ఆమెతో పనిచేసినవాళ్లు రాసింది. మిరియాల్లో ఉండే పైపరిన్ అనే పదార్థం కలిపితే, పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం రక్తంలోకి ఎంత చేరుతుందో ఎలుకల్లోనూ, మనుషుల్లోనూ చూశారు. పసుపు మీద రాసే ప్రతి రెండో రిపోర్టులో ఈ పేపర్ కనిపిస్తుంది. వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్ పబ్‌మెడ్‌లో ఈ నంబర్ కొడితే నేరుగా దాని పేజీ వస్తుంది:

```
9619120
```

"సార్, ఇది అందరు రాసేదే గద, దీంట్ల చూసేదేముంది?" అన్నది.

"అందరు రాసిండ్రు సరే బిడ్డా, నువ్వు పేపర్ తెరిచినవా?"

ఆమె మాట్లాడలేదు. ఇద్దరం ప్రింటౌట్ తీసుకుని కూర్చున్నాం. ఆ వాక్యం ఒక్కదానికే గంటన్నర పట్టింది. ఒక్క వాక్యంలో నాలుగు రకాల తప్పులు దొరికాయి కాబట్టి దాన్నే పట్టుకుని ఒక్కో లక్షణం, దాని కారణం, దిద్దే పద్ధతి చెబుతాను.

ముందు వాక్యాన్ని ముక్కలు చేయాలి

వాక్యాన్ని మొత్తంగా పెట్టుకుని పేపర్ చదివితే ఎప్పుడూ "ఆఁ, ఇదే కదా" అనిపిస్తుంది. పసుపు ఉంది, మిరియాలు ఉన్నాయి, పెరిగింది అని ఉంది, ఇంకేం కావాలి అనుకుంటాం. అందుకే ముందు పేపర్ పక్కన పెట్టి, డ్రాఫ్ట్‌లోని వాక్యాన్ని ఒక తెల్లకాగితం మీద విడగొట్టి రాయాలి. ఎవరికి ఇచ్చారు, ఏం ఇచ్చారు, ఎంత ఇచ్చారు, దేనితో పోల్చారు, ఏం కొలిచారు, ఎంత మార్పు వచ్చింది, అది ఎంతసేపు నిలిచింది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గీత. వాక్యంలో జవాబు లేని ప్రశ్న ఎదురుగా "లేదు" అని రాయాలి, ఎందుకంటే చాలాసార్లు తప్పు దాక్కునేది ఆ "లేదు" దగ్గరే.

అమ్మాయి వాక్యానికి కాగితం మీద వచ్చింది ఇది: ఎవరికి, లేదు. ఏం ఇచ్చారు, పాలు, పసుపు, మిరియాల పొడి. ఎంత, లేదు. దేనితో పోల్చారు, లేదు. ఏం కొలిచారు, ఒంటికి పట్టిన కర్కుమిన్, కీళ్ల నొప్పి. ఎంత మార్పు, 20 రెట్లు. ఎంతసేపు, లేదు.

ఇప్పుడు పేపర్ తెరిచి ఇవే ప్రశ్నలకు జవాబులు వెతకాలి. జవాబులు ఉండే చోటు మెథడ్స్, రిజల్ట్స్, టేబుళ్లు. ఇంట్రడక్షన్‌లో ఉండేవి వేరేవాళ్ల మాటలు, డిస్కషన్‌లో చాలావరకు రచయితల ఊహలు, అందుకే వాటి మీద పెన్సిల్ పెట్టనివ్వను. దొరికిన ప్రతి ముక్క కింద పేపర్లో గీత గీసి, కాగితం మీద పేజీ నంబర్ వేయాలి. గీత పడని ముక్కకు ఆ పేపర్ ఆధారం లేనట్టే లెక్క.

లక్షణం: వాక్యంలో ఉన్న వస్తువు పేపర్లో కనిపించదు

మేము మొదట వెతికింది పాలు. ఆ అధ్యయనంలో పాలు లేవు. తర్వాత పసుపు. అది కూడా లేదు. వాళ్లు ఇచ్చింది పసుపు నుంచి వేరు చేసిన కర్కుమిన్. మిరియాల పొడి కూడా కాదు, మిరియాల నుంచి తీసిన పైపరిన్. మనుషులకు ఇచ్చిన మోతాదు 2 గ్రాముల కర్కుమిన్, 20 మిల్లీగ్రాముల పైపరిన్.

"కర్కుమిన్ అంటె పసుపే గద సార్" అన్నది ఆమె. మామూలు మాటల్లో అలాగే అనుకుంటాం. లెక్క వేస్తే తెలుస్తుంది. పసుపు పొడిలో కర్కుమిన్ రకాన్ని బట్టి మారుతుంది కానీ సుమారు 3 శాతం అనుకుందాం. అంటే 100 గ్రాముల పొడిలో 3 గ్రాములు. 2 గ్రాముల కర్కుమిన్ కావాలంటే దాదాపు 65 గ్రాముల పసుపు పొడి కావాలి.

అంకె చెబితే ఆమె తలూపింది, కానీ అది ఎంత ఉంటుందో ఆమె కళ్లకు కట్టలేదని నాకు అర్థమైంది. వాళ్లమ్మ ఇచ్చి పంపిన పసుపు డబ్బా హాస్టల్లో ఉందంటే మరుసటి రోజు తెమ్మన్నాను. ల్యాబ్‌లో తూకం మిషన్ మీద బటర్ పేపర్ వేసి 65 గ్రాములు తూచాం. పేపర్ మీద కుప్ప పెరుగుతూనే ఉంది, అంకె ఇంకా ముప్పైల్లోనే ఉంది. చెంచాతో లెక్కపెడితే, టీ చెంచాకు 3 గ్రాముల చొప్పున, ఇరవై రెండో చెంచా దగ్గర ఆగాం. గ్లాసు పాలలో మనం వేసుకునేది సగం చెంచా. చేతివేళ్లన్నీ పచ్చగా అయ్యాక ఆమే అన్నది, "ఇంత పసుపు ఏ ఇంట్ల ఎవరు తాగుతరు సార్?" అని.

మిరియాల సంగతి మాత్రం తిరగబడింది. మిరియాల్లో పైపరిన్ సుమారు 5 శాతం అనుకుంటే 20 మిల్లీగ్రాముల కోసం అర గ్రాము లోపు మిరియాలు చాలు, అంటే కొన్ని గింజలు. చారులో వేసేంత. అంటే వాక్యంలో ఒక వస్తువు మోతాదు మన వంటింటికి దగ్గరగా ఉంది, రెండోది ఎన్నో రెట్లు దూరంగా ఉంది. ముక్కలు చేసి చూడకపోతే ఈ తేడా తెలిసేది కాదు.

దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. మనకు తెలిసిన, ఇంట్లో వాడే పేరు నాలుక మీదికి వస్తుంది, అసలు పేరును అది తోసేస్తుంది. కర్కుమిన్ పసుపవుతుంది. వేపలో ఉండే ఒక పదార్థం మీద చేసిన పని వేపాకు మీద చేసినట్టు అయిపోతుంది. పత్తి మీద రాసేవాళ్లలో కూడా ఇదే చూశాను, ల్యాబ్‌లో డబ్బాలో పెట్టిన పురుగు మీద పనిచేసిన మందు చేనులో పనిచేసినట్టు రాసేస్తారు.

దిద్దడం సులువే. పేపర్ మెథడ్స్‌లో ఏ పేరు వాడితే డ్రాఫ్ట్‌లో ఆ పేరే, ఆ రూపమే, ఆ మోతాదే రాయాలి. ఇంట్లో వాడే పదార్థం గురించి ఒక మాట తప్పనిసరిగా చెప్పాలనుకుంటే, దాన్ని వేరే వాక్యంగా రాసి, ఆ పదార్థం మీద చేసిన వేరే అధ్యయనం వెతకాలి. దొరకకపోతే ఆ వాక్యం ఉండకూడదు.

లక్షణం: అంకె కలుస్తుంది, కానీ అర్థం కలవదు

పేపర్లో ఉన్న అంకె, మనుషుల్లో బయో అవైలబిలిటీ, అంటే మింగినదాంట్లో రక్తంలోకి చేరే వంతు, 2000 శాతం పెరిగింది అని. డ్రాఫ్ట్‌లో 20 రెట్లు. ఇక్కడ ఇబ్బంది కొంత మన భాషలోనే ఉంది. "20 రెట్లు పెరిగింది" అంటే మనలో చాలామంది "ఒకటి ఉన్నది ఇరవై అయింది" అనుకుంటారు. 2000 శాతం పెరగడం అంటే 100 ఉన్నదానికి 2000 కలవడం, మొత్తం 2100, అంటే 21 రెట్లు అయింది. ఇరవైకి ఇరవై ఒకటికి తేడా పెద్దది కాదు, నిజమే. కానీ అదే పేపర్లో ఎలుకల సంగతి చూస్తే, అక్కడ పెరిగింది 154 శాతం. అది దాదాపు రెండున్నర రెట్లు అవుతుంది. దాన్ని ఒకటిన్నర రెట్లు అని రాసిన డ్రాఫ్టులు నేను దిద్దాను. శాతాన్ని రెట్లలోకి మార్చకుండా పేపర్లో ఉన్నట్టే "2000 శాతం పెరిగింది" అని రాయడం నయం. మార్చాలనే ఉంటే "అయింది" అన్న మాటతో రాయాలి.

అంతకన్నా ముఖ్యమైంది ఆ 2000 దేని మీద లెక్క అన్నది. పేపర్ అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఉంది, కర్కుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు మనుషుల సీరంలో, అంటే రక్తంలోని ద్రవ భాగంలో, అది అసలు కనబడలేదు, లేదా చాలా తక్కువగా ఉంది. అంటే పోల్చిన అంకె సున్నాకు దగ్గరలో ఉంది. గ్లాసులో ఒక చుక్క నీళ్లున్నాయనుకోండి, ఇరవై ఒక్క చుక్కలైతే 2000 శాతం పెరిగినట్టే, గ్లాసు మాత్రం నిండలేదు. కింద ఉన్న అంకె ఎంత చిన్నదైతే పై శాతం అంత పెద్దగా కనిపిస్తుంది. అందుకే ఎక్కడ పెద్ద శాతం కనిపించినా, టేబుల్లోకి వెళ్లి మొదటి అంకె, రెండో అంకె రెండూ చూడాలి, యూనిట్లతో సహా. రెండూ రాసుకున్నాకే శాతం డ్రాఫ్ట్‌లోకి రావాలి.

ఇంకో ముక్క "ఎంతసేపు". మనుషుల్లో ఆ తేడా బలంగా కనిపించింది మందు ఇచ్చిన పావు గంట నుంచి గంట వరకు. డ్రాఫ్ట్‌లో సమయం మాటే లేదు, చదివేవాళ్లకు అది రోజంతా ఉన్నట్టు అనిపిస్తుంది. సమయం, ఎవరి మీద చేశారు అన్న రెండు ముక్కలూ డ్రాఫ్ట్‌లో జారిపోవడం నేను అన్నిటికన్నా ఎక్కువగా చూస్తాను. ఎలుకల అంకె మనుషుల వాక్యంలోకి, మనుషుల అంకె ఎలుకల వాక్యంలోకి వచ్చేస్తుంది. ఈ పేపర్లో రెండూ ఒకే పేరాలో ఉన్నాయి కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎలుకలకు ఇచ్చిన మోతాదు కూడా వేరు, శరీర బరువులో కిలోకు 2 గ్రాముల కర్కుమిన్. మనుషులకు మొత్తం కలిపి 2 గ్రాములే. "2 గ్రాములు" అన్న మాట రెండు చోట్లా ఉంటుంది, పక్కన "కిలోకు" అన్నది చూడకపోతే రెండూ ఒకటే అనుకుంటాం.

లక్షణం: రెఫరెన్స్ నంబర్ వాక్యం చివర ఉంది, వాక్యం మాత్రం రెండు మాటలు చెబుతుంది

"దీనివల్ల కీళ్ల నొప్పులు తగ్గుతాయి" అన్న ముక్క కోసం పేపర్ మొత్తం వెతికాం. Ctrl+F కొట్టి నొప్పికి, కీళ్లకు సంబంధించిన ఇంగ్లిష్ మాటలు ఒక్కొక్కటీ చూశాం. ఆ అధ్యయనం కొలిచింది సీరంలో కర్కుమిన్ ఎంత ఉంది అన్నదే. ఎవరి మోకాలు నొప్పీ వాళ్లు అడగలేదు, అడగాల్సిన పని కూడా వాళ్లకు లేదు.

ఇది ఎలా జరుగుతుందంటే, ముందు సగం రాసేటప్పుడు పేపర్ గుర్తుంటుంది, ఆ ఊపులో రెండో సగం మనకు తెలిసిన నమ్మకం నుంచి వస్తుంది. చివర ఒకే నంబర్ పడుతుంది. చదివేవాళ్లు ఆ నంబర్ రెండింటికీ అనుకుంటారు. "దీనివల్ల", "అందువల్ల", "కాబట్టి" అన్న మాటలు వాక్యం మధ్యలో కనిపిస్తే నేను వెంటనే అక్కడ ఒక గీత గీస్తాను. ఆ మాటకు ఎడమ పక్క ఒక ఆధారం కావాలి, కుడి పక్క ఇంకో ఆధారం కావాలి, రెండింటినీ కలిపే "వల్ల"కు మూడోది కావాలి. రక్తంలోకి ఎక్కువ చేరడం ఒక సంగతి. చేరింది కాబట్టి నొప్పి తగ్గిందని చూపడం పూర్తిగా వేరే ప్రయోగం, దానికి నొప్పి ఉన్న మనుషులు కావాలి, మందు లేని గుంపు కావాలి, నొప్పిని కొలిచే స్కేలు కావాలి.

దిద్దేటప్పుడు నంబర్‌ను వాక్యం చివరి నుంచి తీసి, అది ఆధారమయ్యే మాట పక్కనే పెట్టండి. అప్పుడు నంబర్ లేకుండా మిగిలిన సగం దానంతట అదే కనిపిస్తుంది. ఆ సగానికి పేపర్ ఉంటే తెచ్చి పెట్టాలి, లేకపోతే కొట్టేయాలి. అమ్మాయి కొట్టేసింది. కీళ్ల నొప్పుల మీద వేరే అధ్యయనాలు చదివి, వేరే పేరాలో పెడతానన్నది. అది సరైన పద్ధతి.

లక్షణం: ఈ వాక్యం ఇంకో పేపర్లో కూడా దాదాపు ఇలాగే ఉంది

"ఇది యాడికెల్లి తీసుకున్నవు?" అని అడిగితే ఆమె దాచకుండా చెప్పింది. వేరేవాళ్ల పేపర్లను ఒకచోట కూర్చి రాసిన ఒక రివ్యూ ఆర్టికల్‌లో ఈ మాట, దాని పక్కన ఈ రెఫరెన్స్ ఉన్నాయి. మాట, రెఫరెన్స్ రెండూ అక్కడి నుంచే వచ్చాయి. అసలు పేపర్ తెరవలేదు. రివ్యూ రాసినవాళ్లు కూడా ఇంకో రివ్యూ నుంచి తీసుకుని ఉండొచ్చు.

ఇలా వచ్చిన రెఫరెన్స్‌ను పట్టుకోవడానికి ఒక మంచి గుర్తు అచ్చు తప్పులు. పేజీ నంబర్, సంవత్సరం, వాల్యూమ్ తప్పుగా ఉండి, అదే తప్పు వేరే పేపర్ల లిస్టుల్లోనూ ఉంటే అది నకలు. 2003లో సిమ్‌కిన్, రాయ్‌చౌధురి అనే ఇద్దరు దీన్నే లెక్కగా పట్టుకున్నారు. దాదాపు 4300 సార్లు వాడిన ఒక పేపర్‌ను తీసుకుంటే 196 చోట్ల రెఫరెన్స్‌లో తప్పులున్నాయి, అందులో ఒకదానికొకటి వేరైన తప్పులు 45 మాత్రమే. మిగతావి ఒకరి నుంచి ఒకరికి దిగివచ్చినవి. దాని నుంచి వాళ్లు కట్టిన అంచనా, రెఫరెన్స్ ఇచ్చేవాళ్లలో అసలు పేపర్ చదివేవాళ్లు ఐదుగురిలో ఒక్కరని. అది అంచనానే, ప్రతి రంగానికీ అదే లెక్క వర్తిస్తుందని చెప్పలేం, కానీ గుర్తు మాత్రం పనికొస్తుంది.

"అందరు రాస్తరు" అన్న మాటకు జవాబుగా నేను పిల్లలకు చెప్పే కేసు ఒకటుంది. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జేన్ పోర్టర్, హెర్షెల్ జిక్ ఎడిటర్‌కు ఒక ఉత్తరం రాశారు. మొత్తం ఐదు వాక్యాలు. ఆస్పత్రిలో చేరిన పేషెంట్లలో 11,882 మందికి కనీసం ఒక్కసారి నార్కోటిక్ అనే మత్తు రకం నొప్పి మందు ఇచ్చారని, అంతకుముందు అలవాటు లేనివాళ్లలో వ్యసనంగా మారినట్టు సరిగ్గా నమోదైనవి నాలుగు కేసులేనని అందులో ఉంది. ఆ ఉత్తరం చెప్పింది ఆస్పత్రి బెడ్ మీద, నర్సు చేతి మీదుగా మందు తీసుకున్నవాళ్ల గురించి. తర్వాత దాన్ని రెఫరెన్స్‌గా పెట్టి, ఇంట్లో నెలల తరబడి మాత్రలు మింగే దీర్ఘకాలిక నొప్పి పేషెంట్లకు కూడా వ్యసనం అరుదు అని రాస్తూ పోయారు. 2017లో కెనడా పరిశోధకులు లెక్కపెడితే 608 చోట్ల ఆ ఉత్తరాన్ని వాడారు. 439 చోట్ల వ్యసనం అరుదు అనడానికి దాన్ని ఆధారంగా చూపారు. 491 చోట్ల ఆ పేషెంట్లు ఆస్పత్రిలో చేరినవాళ్లన్న ముక్కే రాయలేదు. ఐదు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? అమెరికాలో ఆ మందుల వల్ల ఎన్ని ఇళ్లు కూలిపోయాయో తెలిసినవాళ్లకు ఈ లెక్క చదువుతుంటే బాధనిపిస్తుంది. నాకైతే ప్రతిసారీ అనిపిస్తుంది.

దిద్దడానికి రెండే దారులున్నాయి. అసలు పేపర్ తెరిచి ముక్కలన్నీ చూసుకుని దానికే రెఫరెన్స్ ఇవ్వడం ఒకటి. అది కుదరకపోతే చదివిన రివ్యూకే రెఫరెన్స్ ఇచ్చి, "ఫలానా రివ్యూ ప్రకారం" అని రాయడం రెండోది. చదివింది ఒకటి, లిస్టులో పెట్టింది ఇంకొకటి అయితే మాత్రం గైడ్‌గా నేను సంతకం పెట్టను.

లక్షణం: పూర్తి పేపర్ దొరకదు

దీనికి ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందు పేపర్ డీఓఐ నంబర్‌తో వెతకండి, గూగుల్ స్కాలర్‌లో పక్కన పీడీఎఫ్ లింకు ఉందేమో చూడండి. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద చాలా జర్నల్స్ అందుతున్నాయి, మీ లైబ్రరీలో అడగండి. దొరకకపోతే రచయితకు మెయిల్ పెడితే చాలామంది పంపిస్తారు. అవేవీ కాకపోతే అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్నంత మాత్రమే, అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న షరతులతోనే రాయాలి. అబ్‌స్ట్రాక్ట్‌లో లేని టేబుల్ అంకెలు ఇంకెవరి దగ్గరి నుంచో తెచ్చి కలపకూడదు. పబ్‌మెడ్ పేజీ తెరిచినప్పుడు పైన ఆ పేపర్‌ను వెనక్కి తీసుకున్నట్టు నోటీసు ఉందేమో కూడా ఒకసారి చూడండి, అర నిమిషం పని.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ పద్ధతి అంతా డ్రాఫ్ట్ మాట పేపర్లో ఉందా లేదా అన్నదే తేలుస్తుంది. పేపరే తప్పయితే ఇది పట్టుకోదు. దానికి అదే ప్రశ్న మీద వచ్చిన వేరే అధ్యయనాలు చదవాలి, అది ఇంకో పని.

దిద్దాక వాక్యం ఇలా మారింది

> ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చినప్పుడు, కర్కుమిన్ ఒక్కటే ఇచ్చినప్పటితో పోలిస్తే మొదటి గంటలో సీరంలో దాని స్థాయి చాలా ఎక్కువగా కనిపించింది. బయో అవైలబిలిటీ 2000 శాతం పెరిగినట్టు రచయితలు లెక్కించారు [14]. కర్కుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు దాని స్థాయి కొలతకు అందనంత తక్కువగా లేదా చాలా తక్కువగా ఉంది [14].

పాత వాక్యం కన్నా పొడుగు. చదవడానికి అంత ఊపుగా కూడా లేదు. "ఇట్ల రాస్తె మా బాపు చదివి, పసుపు మంచిది కాదంటున్నవా అంటడు సార్" అన్నది ఆ అమ్మాయి. నేను చెప్పింది, పసుపు మంచిదా కాదా అన్నది ఈ పేపర్ అడగనే లేదు, అడిగిన పేపర్ తెచ్చిన రోజు బాపుకు చెప్పొచ్చు అని.

ఆ తర్వాత చేయించిన పని ఇంకొకటుంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. డ్రాఫ్ట్ ఫైల్‌లో Ctrl+F కొట్టి ఇది వెతకమన్నాను:

```
[14]
```

ఒకే పేపర్‌ను డ్రాఫ్ట్‌లో చాలా చోట్ల వాడతాం, ఒక చోట సరిచూస్తే అన్ని చోట్లా సరిచూసినట్టు కాదు, ప్రతి చోటా దాని మీద వేరే మాట ఆనుకుని ఉంటుంది. ఇంకా మూడు చోట్ల దొరికింది. ఒక చోట "ఎలుకల్లో 2000 శాతం" అని ఉంది, అంకె మనుషులది, జంతువు వేరు, 154గా మార్చింది. ఇంకో చోట పైపరిన్ వల్ల ఏ దుష్ప్రభావమూ ఉండదని ఉంది. పేపర్లో ఉన్నది తాము వాడిన మోతాదుల్లో దుష్ప్రభావాలు కనిపించలేదని, ఆ "వాడిన మోతాదుల్లో" అన్న ముక్క కలిపింది. మూడో చోట, పైపరిన్ కాలేయంలోనూ పేగుల్లోనూ మందుల మార్పును అడ్డుకుంటుందని ఆ పేపర్‌నే చూపింది. గీత గీయడానికి రిజల్ట్స్‌లో వెతికాం, లేదు. అది పేపర్లో అప్పటికే తెలిసిన సంగతిగా ముందు చెప్పిన మాట, వాళ్లు కొలిచింది కాదు. దాన్ని మొదట కొలిచిన పేపర్ ఏదో పట్టుకోవడానికి ఆమె ప్రింటౌట్ చివరి పేజీలోని రెఫరెన్స్ లిస్టు మీద పెన్సిల్ పెట్టి, పై నుంచి ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టింది.